అతిథి నీళ్ళు

ఆఫీసు తెరవడం ఎవరికైనా చేతనవుతుంది, మూయడమే విద్య అనేవాడు రాధాకృష్ణమూర్తి. తెరిచేటప్పుడు ఒక అద్దె ఇల్లు, ఒక బోర్డు, నాలుగు కుర్చీలు, కాస్త ఉత్సాహం ఉంటే సరిపోతుంది. మూసేనాటికి ఆ ఉత్సాహం ఎవరి దగ్గరా మిగలదు. గుమాస్తాలు ఇంకెక్కడ పని దొరుకుతుందా అని ఉత్తరాలు రాసుకుంటూ ఉంటారు. బంట్రోతులు కుర్చీల వంక ఆశగా చూస్తూ ఉంటారు. అలాంటప్పుడు స్థిమితంగా కూర్చుని ఒక్కో కాగితానికి ఒక గతి చూపించేవాడే గుమాస్తా, మిగిలినవాళ్ళంతా సంతకాలు నేర్చుకున్నవాళ్ళు అని ఆయన అభిప్రాయం. ఈ అభిప్రాయాన్ని ఆయన మనసులో దాచుకునే రకం కాదు కాబట్టి ఏ ఆఫీసులోనూ స్నేహితులు ఎక్కువ లేరు.

ఆయన ఇప్పుడు మూస్తున్నది అవనిగడ్డలోని స్పెషల్ ఆఫీసు. గాలివానకి సముద్రం పొంగి దివిసీమ ఒడ్డు ఊళ్ళ చెరువులన్నీ ఉప్పునీళ్ళతో నిండిపోయాయి. ఆ ఊళ్ళకి కొత్తగా మంచినీళ్ళ చెరువులు తవ్వించడానికి ప్రభుత్వం ఈ ఆఫీసు పెట్టింది. అధికారి డిప్యూటీ తాసీల్దారు చలపతిరావుగారు. హెడ్ గుమాస్తా రాధాకృష్ణమూర్తి. చెరువులు తవ్వడం అయింది, వానలకి అవి నిండడమూ అయింది. మార్చి నెలాఖరుకి ఆఫీసు ఎత్తేసి, రికార్డంతా బందరు కలెక్టరు కచేరీకి అప్పగించి, చివరి రిపోర్టు పంపమని ఉత్తర్వు వచ్చింది.

ఇక మూర్తిగారి రాజ్యం మొదలైంది. ఫైళ్ళకి కూడా మనుషుల్లాగే పుణ్యపాపాలుంటాయి. పని అయిపోయిన ప్రతి ఫైలు మీదా ఒక అక్షరం వెయ్యాలి. ఎల్. డిస్. అని వేస్తే ఏడాది తరవాత చింపేస్తారు. డి. డిస్. అయితే పదేళ్ళు బతుకుతుంది. ఆర్. డిస్. అని వేస్తే దానికి చావు లేదు, చెదలు కరుణిస్తే కలకాలం రికార్డు గదిలో ఉంటుంది. కుర్చీల రిపేరు ఎల్. డిస్., కూలీల హాజరు డి. డిస్., ఊరికి చెరువు ఇచ్చిన ఫైలు ఆర్. డిస్. అక్షరం వేశాక రిజిస్టరులో ఆ నంబరు చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుడతారు. దాంతో ఆ పని ముగిసినట్టు. ఆ సున్నా చుట్టడంలో మూర్తిగారికి ఉన్న సుఖం ఇంకెందులోనూ లేదు. ఆయన సున్నాలు గుండ్రంగా, ఒకే కొలతలో, అచ్చు గుద్దినట్టుండేవి.

ఈసారి ఆ సుఖం వెనక ఇంకో ఆశ కూడా ఉంది. బందరు కచేరీలో ఒక హెడ్ గుమాస్తా ఉద్యోగం ఖాళీ కాబోతోంది. ఒక్క పెండింగు కూడా లేకుండా ఆఫీసు అప్పగిస్తే ఆ ఉద్యోగానికి మీ పేరు నేనే రాస్తానని చలపతిరావుగారు మాటిచ్చారు. మూర్తిగారి ఇల్లు బందరులోనే. కానీ ఆయన ఉద్యోగమంతా క్యాంపుల్లో, స్పెషల్ ఆఫీసుల్లో, సెలవు పెట్టినవాళ్ళ బదులుగా గడిచిపోయింది. భార్య దుర్గాంబ అత్తగారిని చూసుకుంటూ బందరులో ఉంటే, ఈయన ఊరూరా హోటలు కూడు తింటూ తిరిగాడు. యాభై దాటాయి. ఇప్పుడైనా సాయంకాలానికి ఇంటికి చేరే ఉద్యోగం కావాలి. దుర్గాంబ ఏనాడూ నోరు తెరిచి అడగలేదు. మొన్న ఉత్తరంలో మాత్రం, వీధి గదికి సున్నం కొట్టించాను, మీ బల్ల అక్కడ వేసుకోవచ్చు అని రాసింది. ఆ ఒక్క వాక్యం ఆయన చాలాసార్లు చదువుకున్నాడు.

చివరి రిపోర్టు చిత్తు కూడా ఆయనే తయారుచేశాడు. మంజూరైన పనులేమిటి, చేసినవేమిటి, చెయ్యనివేమిటి, ఎందుకు చెయ్యలేదు, ఇలా పేరాలు పేరాలుగా. ఆఖరి పేరాకి ‘అనుభవంలో తేలిన సంగతులు’ అని పేరు. ఇలాంటి పని మళ్ళీ చెయ్యబోయేవాళ్ళు తెలుసుకోవలసినవి అందులో రాయాలి. ఆ పేరా ఎవరూ చదవరని అందరికీ తెలుసు కాబట్టి అందరూ అందులో ఒకటే రాస్తారు. పనులు వానలకి ముందే మొదలుపెట్టాలి, గ్రామోద్యోగుల సహకారం మెచ్చదగ్గది, అని. మూర్తిగారూ అదే రాశాడు, ఇంగ్లీషు మాత్రం మిగిలినవాళ్ళ కంటే బాగా రాశాడు.

అన్ని ఊళ్ళ నుంచీ చెరువు అందిందని రసీదులు వచ్చాయి, నాగులదిబ్బ నుంచి తప్ప. నాగులదిబ్బ సముద్రానికి దగ్గర ఊరు, కాలవ అంతదూరం రాదు. రెండుసార్లు తాకీదు పంపినా కరణం సీతారామయ్య నుంచి జవాబు లేదు. రిజిస్టరు నిండా ఎర్రసున్నాల మధ్య ఆ ఒక్క నంబరు బోసిగా కనిపిస్తుంటే మూర్తిగారికి అన్నం సహించలేదు. చివరికి రసీదు కాగితం జేబులో పెట్టుకుని తానే బండి కట్టించుకుని బయలుదేరాడు.

ఎండ ముదిరాక చేరాడు. సీతారామయ్య చలిజ్వరం తగ్గి అప్పుడే లేచి తిరుగుతున్నాడు. జవాబు రాయకపోవడానికి కారణం అదే, అంతకన్నా రహస్యమేమీ లేదు. హెడ్ గుమాస్తాగారే ఇల్లు వెతుక్కుంటూ వచ్చేసరికి బెంబేలెత్తిపోయి, మంచం వాల్చమని ఒకరికీ, విసనకర్ర తెమ్మని ఇంకొకరికీ పురమాయిస్తున్నాడు. ఆయన భార్య శేషమ్మ కాళ్ళు కడుక్కోవడానికి పెద్ద చెంబుతో నీళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టింది.

దారిలో దుమ్ము మింగి మింగి మూర్తిగారి నోరు పిడచకట్టుకు పోయింది. కాళ్ళు కడుక్కుని, ముఖం కడుక్కుని, మిగిలిన నీళ్ళు పుక్కిట పట్టాడు. పట్టినవాడు పట్టినట్టే పక్కకి తిరిగి ఉమ్మేశాడు. ఉప్పు. నాలిక చివర తగిలీ తగలనట్టుండే ఉప్పు కాదు, గొంతు పట్టేసే ఉప్పు.

శేషమ్మ కంగారుపడింది.

“అయ్యో అన్నయ్యగారూ, అవి కాళ్ళు కడుక్కునే నీళ్ళండీ. తాగేవి ఇవిగో” అంటూ లోపలి నుంచి ఇత్తడి గ్లాసు తెచ్చి ఇచ్చింది.

తాగాడు. చల్లగా, తియ్యగా ఉన్నాయి.

“ఇవెక్కడివమ్మా?”

“కాలవ నీళ్ళండీ. ఎగువ ఊరి నుంచి కావిడితో తెప్పిస్తాం.”

“మరి ఆ చెంబులోవి?”

“అవి చెరువువి.”

ఆవిడ మామూలుగానే చెప్పింది. అందులో ఫిర్యాదు లేదు, దాపరికమూ లేదు. మూర్తిగారు మాత్రం గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పుష్యమాసంలో చలపతిరావుగారు ఈ ఊరు తనిఖీకి వచ్చినప్పుడు తానూ వెంట ఉన్నాడు. ఇదే అరుగు మీద కూర్చున్నారు. ఇదే గ్లాసు కావచ్చు. చలపతిరావుగారు తాగి, ‘మీ నీళ్ళు చాలా బాగున్నాయయ్యా’ అంటే సీతారామయ్య ముఖం వెలిగిపోయి, ‘అంతా తమ దయ’ అన్నాడు. ఆ సాయంత్రమే చలపతిరావుగారు తనిఖీ నోట్సులో నాగులదిబ్బ చెరువు నీళ్ళు స్వయంగా రుచి చూశాననీ, తియ్యగా ఉన్నాయనీ రాశారు. ఆ నోట్సు సాపు రాసింది మూర్తిగారే.

అప్పుడు కూడా కాలవ నీళ్ళే ఇచ్చారా అని సీతారామయ్యని అడిగాడు. ఆ ప్రశ్నకి కరణం నొచ్చుకున్నాడు.

“అంత పెద్దమనిషి ఇంటికొస్తే చెరువు నీళ్ళెట్లా ఇస్తామండీ? మాకు తెలీదా ఆ మాత్రం?”

చెరువులో నీళ్ళు బాగాలేవని ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదన్నాడు. నిజమే. ఆఫీసు వాళ్ళు పంపిన కాగితంలో ‘నీళ్ళు పడినవా?’ అని ఒక గడి ఉంది. పడినవి అని రాశాడు. పడ్డాయి కూడా. ‘మీ నీళ్ళు బాగున్నాయి’ అని దొరవారు అన్నది తన ఇంటి మర్యాదని మెచ్చుకోవడమే అనుకున్నాడు తప్ప, ఆయన చెరువుని మెచ్చుకుంటున్నారని కలలో కూడా అనుకోలేదు. కొత్తలో, వానలు పడ్డ నెల్లాళ్ళు చెరువు నీళ్ళు బాగానే ఉన్నాయట. నీళ్ళు తగ్గేకొద్దీ అడుగు నుంచి ఉప్పు ఊరుతోందట. బహుశా లోతు ఎక్కువ తవ్వేశారేమో, దైవికం, ఏం చేస్తాం అన్నాడు. బట్టలుతుక్కోవడానికి, గేదెలు కడగడానికి చెరువు బాగానే పనికొస్తోంది కాబట్టి ప్రభుత్వం వారికి కృతజ్ఞుడై ఉన్నానని కూడా అన్నాడు.

ఆ మాట అని, రసీదు కాగితం తీసుకుని, మూర్తిగారు ఇంకా ఆలోచిస్తూ ఉండగానే సంతకం పెట్టి ఇచ్చేశాడు. మునసబు నాంచారయ్యని పిలిపించి ఆయన చేత కూడా పెట్టించాడు.

బండిలో తిరిగి వస్తూ మూర్తిగారు తనతో తాను చాలా వాదించుకున్నాడు. కాగితం మీద లోటేమీ లేదు. తవ్వమన్న చెరువు తవ్వారు. రసీదు చేతికి వచ్చింది. అధికారి రుచి చూసి రాశారు. ఆఫీసుకి వెళ్ళి ఆర్. డిస్. వేసి సున్నా చుడితే అడిగేవాడు లేడు. వీధి గదికి సున్నం కూడా కొట్టించి ఉంది.

కానీ ఆర్. డిస్. అంటే ఏమిటో ఆయన కంటే బాగా తెలిసినవాడు లేడు. రేపు ఎప్పుడైనా నాగులదిబ్బ వాళ్ళు నీళ్ళ కోసం అర్జీ పెట్టుకుంటే, కచేరీలో ఏ గుమాస్తా అయినా మొదట చేసే పని రికార్డు తీసి చూడడం. ఈ ఊరికి చెరువు ఇచ్చాం, నీళ్ళు తియ్యగా ఉన్నాయి, సాక్షాత్తూ అధికారే తాగి చూశాడు అని అందులో ఉంటుంది. ఆ అర్జీ మీద ఎల్. డిస్. వేసి పారేస్తాడు. తనైనా అంతే చేస్తాడు. ఇలా తాను ఎన్ని అర్జీలు పారేశాడో లెక్కపెట్టబోయి మానేశాడు. చెరువు లేని ఊరికి ఎప్పటికైనా చెరువు వస్తుంది. చెరువు ఉందని రికార్డయిన ఊరికి ఇక రాదు. ఎగువ ఊరి నుంచి కావిళ్ళు మోయడం ఇంకో తరం దాకా సాగుతుంది.

మర్నాడు చలపతిరావుగారి ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. చలపతిరావుగారు చెడ్డవాడు కాడు. లంచం ముట్టడు, కూలీల మీద చెయ్యి చేసుకోనివ్వడు, ఎండలో గట్టు మీద నిలబడి పని చేయించాడు. అందుకే ఆయనకి ఎక్కువ బాధ కలిగింది.

“నేను తాగాను మూర్తిగారూ. నా నోటితో తాగి, నా చేత్తో రాశాను” అన్నారు.

అవునండీ అన్నాడు మూర్తి.

రిపోర్టు సాపు రాయడం దాదాపు అయిపోయింది. అందులో నాగులదిబ్బ పేరు గొప్పగానే ఉంది, అంత ఒడ్డున కూడా తియ్యటి నీళ్ళు సాధించామని. ఇప్పుడు ఆ పేరా కొట్టేస్తే అధికారి అతిథి మర్యాదకి మోసపోయాడని రాయాలి. పైవాళ్ళు నవ్వుతారు. ఈ ఒక్క చెరువేనా, మిగిలిన వాటి సంగతేమిటని అడుగుతారు కూడా. చలపతిరావుగారు చివరికి ఒక దారి చెప్పారు. రిపోర్టు జోలికి పోవద్దు. ఈ సంగతి వేరే కాగితం మీద ఆఫీసు నోట్‌గా రాసి పెట్టండి. రాసినట్టూ ఉంటుంది, మన మనసుకి తృప్తిగానూ ఉంటుంది.

“దాని మీద ఏ అక్షరం వెయ్యమంటారు?” అని అడిగాడు మూర్తి.

ఆఫీసు నోట్లకి ఏ అక్షరం వేస్తారో ఇద్దరికీ తెలుసు.

“ఏడాదికి చింపేస్తారండీ. ఆ ఊళ్ళో మాత్రం నీళ్ళు అలాగే ఉంటాయి.”

ఇంత మాట తన నోటి నుంచి వచ్చినందుకు మూర్తిగారికే భయం వేసింది. అధికారితో ఆయన ఏనాడూ ఎదురు మాట్లాడలేదు. చలపతిరావుగారు కోప్పడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, రేపు పొద్దున్నే బండి సిద్ధం చెయ్యమన్నారు. స్వయంగా చూడందే ఒక్క అక్షరం మార్చనన్నారు.

మూర్తిగారు ముందుగా ఒక మనిషిని పంపించి శేషమ్మకి కబురు చెప్పించాడు. అయ్యగారు చెరువు నీళ్ళు రుచి చూడడానికే వస్తున్నారు, ఆయన అడిగితే చెరువు నీళ్ళే ఇవ్వమని. ఆ మాట చేరిందని మనిషి వచ్చి చెప్పాడు కూడా.

సీతారామయ్య ఇంటి ముందు తాటాకు పందిరి వేసి, కింద నీళ్ళు చల్లి ఉంచారు. కుశలప్రశ్నలయ్యాక చలపతిరావుగారు గంభీరంగా మంచినీళ్ళు అడిగారు. శేషమ్మ గ్లాసు తెచ్చింది. ఆయన ఒక గుక్క తాగి, ఆగి, మళ్ళీ తాగి, గ్లాసంతా ఖాళీ చేశారు. తరవాత మూర్తి వైపు చూశారు.

“తియ్యగా ఉన్నాయి” అన్నారు.

మూర్తిగారు గుమ్మం దగ్గర నిలబడ్డ శేషమ్మ వంక చూశాడు. ఆవిడ తల దించుకుంది. కబురు అందింది, విషయం అర్థమైంది, చెంబుతో చెరువు నీళ్ళు తెచ్చి ఉంచింది కూడా. తీరా మనిషి ఇంటి ముందు కూర్చుని దాహం అని అడిగేసరికి ఆవిడ చేతికి ఆ చెంబు ఎత్తడం సాధ్యం కాలేదు. ఇప్పుడు మూర్తి గానీ నోరు విప్పి, ఇవి చెరువు నీళ్ళు కావండీ అంటే, ఆ ఇల్లాలిని నలుగురిలో అబద్ధాలకోరుని చేసినట్టవుతుంది. అనకపోతే ఇక అంతే సంగతులు. అన్నయ్యా అని పిలిచిన మనిషి ముఖం చూస్తూ ఆ మాట అనలేక, మూర్తిగారు తల పక్కకి తిప్పుకున్నాడు.

చలపతిరావుగారు ఆయన ముఖం చూశారు, ఆవిడ దించుకున్న తల చూశారు. గ్లాసు మెల్లిగా అరుగు మీద పెట్టి లేచారు. గొడుగు కూడా తీసుకోకుండా వీధి వెంట నడిచారు. అందరూ వెనక నడిచారు. చెరువు గట్టు ఎక్కి, పక్కకి దిగి, చొక్కా చేతులు పైకి మడిచి దోసిలి ముంచారు. ఉమ్మలేదు. మింగేశారు. ముఖం ఒక్కసారి ముడుచుకుపోయింది. మళ్ళీ ముంచి మళ్ళీ మింగారు, శిక్ష వేసుకున్నట్టు.

సీతారామయ్య గట్టు మీద నిలబడి, అయ్యా వద్దండీ, జబ్బు చేస్తుందండీ అని బతిమాలుతున్నాడు.

తిరుగుదారిలో అవనిగడ్డ దగ్గరకి వచ్చాక చలపతిరావుగారు, “నాదే పొరపాటు మూర్తిగారూ. తనిఖీకి వెళ్ళి అతిథిగా కూర్చున్నాను” అన్నారు.

తరవాతి రోజుల్లో ఇద్దరూ కలిసి చెరువులు తవ్వించిన ఒడ్డు ఊళ్ళన్నీ మళ్ళీ చూశారు. ఎక్కడా అరుగు ఎక్కలేదు. ఇంకొక ఊళ్ళో కూడా నీళ్ళు ఉప్పగానే ఉన్నాయి. అక్కడా లోతు ఎక్కువే తవ్వించారు. మిగిలినచోట్ల బాగున్నాయి. నాగులదిబ్బ ఫైలు మీద మూర్తిగారు ఏ అక్షరమూ వెయ్యలేదు, ఆ రెండో ఊరి ఫైలు మీద ఇదివరకు వేసిన అక్షరాన్నీ, రిజిస్టరులో సున్నానీ కొట్టేశాడు. రెండింటినీ పెండింగు జాబితాలో రాసి కలెక్టరు కచేరీకి అప్పగించాడు. ఆయన మూసిన ఆఫీసుల్లో పెండింగు మిగిలిన ఆఫీసు అదొక్కటే. రిజిస్టరు తెరిస్తే చాలు, పన్ను ఊడినచోటికి నాలిక పోయినట్టు ఆయన చూపు ఆ రెండు నంబర్ల మీదికే పోయేది. అయినా చుట్టలేదు.

రిపోర్టులో నాగులదిబ్బ పేరా మారిపోయింది. ఆఖరి పేరా చలపతిరావుగారు స్వహస్తాలతో రాశారు. పాత వాక్యాలన్నీ కొట్టేశారు. ఒడ్డు ఊళ్ళలో చెరువు వెడల్పు పెంచాలి గానీ లోతు పెంచకూడదు. తవ్వాక ఒక వేసవి గడిచేదాకా ఆ పని ముగిసిందని రాయకూడదు. కాగితంలో ‘నీళ్ళు పడినవా’ అన్న గడి పక్కన ‘ఏ నెలలో ఎలా ఉన్నవి’ అన్న గడి కూడా ఉండాలి. తనిఖీకి వెళ్ళిన అధికారి ఆ ఊళ్ళో ఎవరింటి నీళ్ళూ ముట్టకముందే చెరువు దగ్గరకి వెళ్ళి తన చేత్తో ముంచుకుని తాగాలి. ఈ చివరి సంగతి తాను పొరపాటు చేసి తెలుసుకున్నదని కూడా ఆయన రాశారు. మూర్తిగారు దాని ఇంగ్లీషు అక్కడక్కడ దిద్ది, ఎక్కడా మెత్తబరచకుండా సాపు రాశాడు. ఫైల్లో ఉండిపోయే ఆ రిపోర్టు చిత్తు కాగితం మీద ఆర్. డిస్. అని వేశాడు.

పై నుంచి జవాబు ముక్తసరిగా వచ్చింది. రిపోర్టు అందింది, కొన్ని పనులు అసంపూర్తిగా మిగలడం విచారకరం, అని. చలపతిరావుగారు మన్యం వైపు బదిలీ అయ్యారు. మూర్తిగారి పేరు ఆయన రాసిన మాట నిజమే, కానీ పనులు పూర్తి చెయ్యని ఆఫీసు నుంచి వచ్చిన సిఫారసుకి విలువేముంటుంది? బందరు ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళింది. మూర్తిగారిని గుడివాడ తాలూకా కచేరీలో మామూలు గుమాస్తాగా వేశారు. వీధి గది సున్నం అలాగే ఉండిపోయింది. దుర్గాంబ ఈసారి ఊరుకోలేదు. అత్తగారిని, సామానునీ బండికెత్తించుకుని గుడివాడకే వచ్చేసింది. బందరు ఉద్యోగం వస్తే దక్కాల్సిన కాపరం అది చెయ్యి జారడం వల్ల దక్కిందని ఆయన నవ్వితే, ఆవిడకి నవ్వు రాలేదు. ఎందుకు అలా చేశారని ఒకసారి అడిగింది. చెప్పాడు. పోనీలెండి అంది. కానీ ఆ పోనీలెండి తేలిగ్గా అన్నది కాదని ఆయనకి తెలుసు. తాను చేసింది సరైనదో, చాదస్తమో అని కచేరీకి నడిచి వెళ్తున్నప్పుడల్లా ఆయనకి అనుమానంగానే ఉండేది. ఆ ఆఖరి పేరా ఎవరు చదువుతారు గనక?

రెండు వేసవులు గడిచాయి. ఒకనాడు మధ్యాహ్నం కచేరీ వరండాలో ఎవరో గొడుగు ముడుచుకుంటూ నిలబడి ఉంటే చూశాడు. నాగులదిబ్బ కరణం సీతారామయ్య. అల్లుడి ఊరు గుడివాడేనట, కూతురిని చూడడానికి వచ్చి, మూర్తిగారు ఇక్కడున్నారని విని పలకరించి పోదామని వచ్చాడట. మూర్తిగారు ఆయన్ని ఇంటికి తీసుకువెళ్ళాడు. భోజనాలయ్యాక సీతారామయ్య మెల్లిగా గొంతు సవరించుకున్నాడు. ఒక సంగతి మనసులో పెట్టుకుని వచ్చినట్టు ముఖమే చెబుతోంది.

పోయిన నెలలో బందరు నుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడట, పేరు భాస్కరరావు. మంచి కుటుంబంలోవాడే. కానీ మర్యాద తెలీదు. పందిరి వేశారు, మంచం వేశారు. శేషమ్మ నీళ్ళు తెచ్చి ఇస్తే చెయ్యి అడ్డం పెట్టాడు.

“మా ఇంటి నీళ్ళు ముట్టనన్నాడండీ. తరవాత తాగుతాను, ముందు చెరువు చూపించమన్నాడు. మా ఆవిడ ఆ పూట అన్నం తినలేదు. ఇన్నేళ్ళలో మా గుమ్మం ముందు అలా అన్నవాడు లేడు.”

మూర్తిగారు ముందుకి జరిగి కూర్చున్నాడు.

“చెరువు దగ్గరకి వెళ్ళి ఏం చేశాడు?”

“ఏం చేస్తాడండీ, దోసిలితో ముంచుకుని తాగాడు. తాగి ఉమ్మేశాడు. కాగితంలో ఏవో గళ్ళు ఉన్నాయి, ఏ నెలలో ఎలా ఉంటాయో అడిగి రాసుకున్నాడు. ఆ పక్కనే వెడల్పుగా, లోతు లేకుండా ఇంకోటి తవ్వుతామని ముగ్గు పోయించి వెళ్ళాడు. పని చేస్తాడేమో, కాదనను. కానీ ఆ మర్యాదేమిటండీ? మీరూ వచ్చారు, చలపతిరావుగారూ వచ్చారు. మీరెప్పుడైనా అలా అన్నారా?”

మూర్తిగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి దాచుకోవడానికి పైపంచె వెతుక్కున్నాడు. సీతారామయ్య కంగారుపడి, అయ్యో, నేనేమైనా అన్నానా అన్నాడు.

“మా చెల్లెమ్మకి చెప్పండి” అన్నాడు మూర్తిగారు. “ఆ కుర్రాడి తప్పేమీ లేదు. మీ ఇంట్లో మంచినీళ్ళు ముట్టొద్దని రాసి పెట్టింది మేమే.”